జానెడు గోధుమరంగు

వాట్సాప్‌లో వచ్చిన ఆ రెండు వాక్యాలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. తీసేయలేదు. కోపం చల్లారిందనిపించినప్పుడల్లా ఒకసారి చదువుకుంటాను, మళ్లీ రాజుకుంటుంది. "ఈ తివాచీలో కనిపించే రంగు తేడా లోపం కాదు. పరిపూర్ణత దేవుడికే చెల్లుతుందన్న వినయంతో కళాకారిణి కావాలని వదిలిన గుర్తు." దీన్ని ఇత్తడి పలక మీద చెక్కించి, వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో మా తెలుగు సంఘం కొత్తగా తీసుకున్న హాలులో వేదిక వెనక గోడకు బిగించాలని మా ప్రెసిడెంటు సంకల్పం.

ఆ తివాచీ కట్టింది మా వదిన. ఆ రంగు తేడాకూ దేవుడికీ ఏ సంబంధమూ లేదు. అది ఎలా వచ్చిందో మా వదినకు తెలుసు, నాకు అంతకంటే బాగా తెలుసు.

మా వదినది ఏలూరు. తివాచీలు నేసే ముస్లిం కుటుంబం. ఎనిమిదో ఏట మగ్గం ముందు కూర్చుంది. ఆ వయసు పిల్లను బడికి పంపకుండా మగ్గం ముందు కూర్చోబెట్టినవాళ్ల మీద నేను చాలా వ్యాసాలు రాశాను, ఇంకా రాస్తాను. మా అన్నయ్య ఆమెను రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నప్పుడు, రెండు వైపుల వాళ్లూ మాట్లాడటం మానేసిన ఆ రోజుల్లో, పెళ్లికి సాక్షి సంతకం పెట్టింది నేను. అన్నయ్య పోయాక ఆమె హెర్న్‌డన్‌లో కొడుకు దగ్గరకు వచ్చేసింది. మా ఇళ్ల మధ్య దూరం పది నిమిషాల నడక.

పెళ్లయ్యాక కూడా నలభై ఏళ్ల దాకా ఆమె నేస్తూనే ఉంది. ఎన్ని తివాచీలు కట్టిందో లెక్క లేదు. వాటిలో ఒక్కదాన్ని కూడా మళ్లీ చూడలేదు. మగ్గం మీంచి కోసిన రోజే చుట్టచుట్టి ఓడకెక్కించేవారు. "నా చేత్తో కట్టింది ఎక్కడో ఒకచోట ఉండి, నేను ఎదురుగా కూర్చుని చూసుకోవాలే," అనేది. ఇన్నేళ్లలో ఆమె నోట నేను విన్న కోరిక అదొక్కటే. అందుకే సంఘానికి హాలు దొరికిందనగానే నేనే వెళ్లి ప్రెసిడెంటుతో చెప్పాను: వేదిక వెనక గోడకు మా వదిన ఒక తివాచీ కట్టి ఇస్తుంది, ఉచితంగా. అతనికి నలభై అయిదేళ్లుంటాయి. కరీంనగర్ వైపు మనిషి. పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. ఉత్సాహానికి లోటు లేదు. "సూపర్ ఆంటీ! రాజుల దర్బార్ లెక్క ఉండాలె మన స్టేజీ," అన్నాడు.

దర్బారులో అసలేముండేదో చూపిద్దామని ఒక శనివారం అతన్ని, అతని భార్యను, మా వదినను మెట్రో ఎక్కించి వాషింగ్టన్‌లో ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. యూరప్ రాజుల టాపెస్ట్రీలూ, తూర్పు రాజుల తివాచీలూ పక్కపక్క గదుల్లో పెట్టారు.

మొదటి గదిలో గోడ నిండా ఒక యుద్ధ దృశ్యం. నేసిన బొమ్మ అంటే నమ్మలేనంత పెద్దది. ఇలాంటివి రాజులు కొన్న వస్తువుల్లోకెల్లా ఖరీదైనవి. రంగుల్లో వేసిన పటాలు వీటి ముందు చవక సరుకు. రాజు ఒక కోట నుంచి ఇంకో కోటకు వెళితే వీటిని చుట్టి బండ్లకెక్కించేవారు, పరదేశపు రాయబారి వస్తున్నాడంటే ముందు వీటిని దించి తగిలించేవారు. చలిని ఆపుతాయి, అధికారాన్ని చూపుతాయి. రెండు పనులూ ఒకే ఉన్నితో.

మా వదిన పది నిమిషాలు కదల్లేదు. తర్వాత నా మోచెయ్యి గిల్లింది.

"ఏమే, ఈ సైనికులందరూ ఎడమచేతి వాళ్లేంటే?"

నిజమే. అందరి కత్తులూ ఎడమ చేతిలోనే ఉన్నాయి. ప్రెసిడెంటు భార్య, "ఏదో సింబాలిజం అయ్యుంటుంది ఆంటీ, లెఫ్ట్ అంటే హార్ట్ సైడ్ కదా," అంది. అక్కడే నాకు మొదటిసారి ఒళ్లు మండింది. గుండె కాదమ్మా, మగ్గం అన్నాను. ఈ నేతకు ముందు ఒక చిత్రకారుడు నిలువెత్తు నమూనా గీస్తాడు, బొమ్మ ఎంత పెద్దదో నమూనా అంతే. దాన్నే కార్టూన్ అంటారు. నేల మీద పరిచినట్టుండే మగ్గానికైతే ఆ నమూనాను పట్టీలుగా కోసి పడుగు దారాల కింద ఉంచుతారు. నేసేవాడు దారాల సందుల్లోంచి కిందికి చూస్తూ నేస్తాడు. అతని వైపు కనిపించేది బొమ్మ వెనక భాగం. నేత పూర్తయి, తిప్పి గోడకు తగిలించగానే అద్దంలో చూసినట్టు తారుమారు. తెలిసిన చిత్రకారుడైతే నమూనాలోనే కత్తిని ఎడమ చేతికిస్తాడు, అప్పుడు నేతలో కుడి చేతికొస్తుంది. ఇక్కడ ఎవరో ఆ మాట మరిచారు.

వదిన బొమ్మకు ఒక పక్కగా వెళ్లి తల వాల్చి చూసింది. "దీన్ని పడుకోబెట్టి నేశారు చూడు, పడుగు అడ్డంగా పోతోంది," అంది. నేను పుస్తకాల్లో చదివితే గాని తెలుసుకోని సంగతి ఆమెకు తల వాల్చగానే తెలిసింది. టాపెస్ట్రీలో పేక దారం గోడ చివరిదాకా పోదు. తన రంగు ఉన్నంత మేరే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. రెండు రంగులు నిలువు గీత దగ్గర కలిస్తే మధ్యలో చీలిక మిగులుతుంది. నిలబడ్డ మనుషులు, స్తంభాలు, ఈటెలు, అన్నీ నిలువు గీతలే. బొమ్మను పక్కకు పడుకోబెట్టి నేస్తే ఆ గీతలు అడ్డమవుతాయి, చీలికలు తగ్గుతాయి. మగ్గం వెడల్పు కంటే పొడవైన గుడ్డ కూడా వస్తుంది. చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా మగ్గం ఒప్పుకున్నంతే గీయాలి.

ఆ బొమ్మలో చెట్లన్నీ నీలంగా ఉన్నాయి. "పారడైజ్ ఫీల్ కోసమా?" అన్నాడు ప్రెసిడెంటు. కాదయ్యా బాబూ. ఆకుపచ్చకు ఒకే రంగు లేక, పసుపు అద్దిన ఉన్నిని నీలిమందులో ముంచేవారు. వెలుతురుకు పసుపు ఎగిరిపోయింది, నీలిమందు నిలిచింది. అడవంతా నీలమైంది. ఇనుము కలిపిన నల్లరంగు ఉన్నినే తినేస్తుంది కాబట్టి ఆ మనుషుల నల్లటి గీతలు చాలాచోట్ల రాలిపోయాయి కూడా. నేను చెబుతూ పోయాను. అతను తల ఊపుతూ ఫోటోలు తీసుకుంటూ పోయాడు.

తివాచీల గదిలో అసలు కథ మొదలైంది. ఒక పెద్ద ఎర్ర తివాచీ. సగం దాటాక ఎరుపు ఉన్నట్టుండి ఒక అడ్డ పట్టీగా మారి ఇటుక రంగులోకి దిగింది. అక్కడున్న గైడు, పెద్దావిడ, చాలా మర్యాదస్తురాలు, చిరునవ్వుతో చెప్పింది: దేవుడొక్కడే లోపం లేనివాడని నమ్మే ముస్లిం నేతగాళ్లు వినయంతో కావాలనే ఇలాంటి లోపం వదిలేవారట.

నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను. అంత పెద్ద తివాచీకి కావలసిన ఎర్ర ఉన్ని అంతా ఒకే తొట్టిలో పట్టదు. తొట్టి మారితే నీళ్లు మారతాయి, రంగు తీసే వేరు పాతదో కొత్తదో, పటిక ఒక గుప్పెడు ఎక్కువో తక్కువో, వేడి ఎంతో, ఏది మారినా రంగు మారుతుంది. ఇదీ సంగతి. పైగా, లోపం కావాలని పెట్టాను అనేవాడు, పెట్టకపోతే నా పని పరిపూర్ణమే అని చెబుతున్నట్టు. అది వినయమా? లక్షల ముడులు వేసేవాడికి లోపాలు కొదవా, ప్రత్యేకంగా పెట్టుకోవడానికి?

ఆవిడ నవ్వి, ఏమైనా అందమైన కథ కదా అంది. నాకు ఈ దేశంలోనూ ఆ దేశంలోనూ తెగని తగువు ఇదే. అందంగా ఉందంటే చాలు, అబద్ధానికి కుర్చీ వేస్తారు.

ప్రెసిడెంటు వదిన వైపు తిరిగాడు. "నిజంగా అట్ల చేస్తరా ఆంటీ?"

"మా నాన్న ఐదు పూటలా నమాజు చేసేవాడు బాబూ. ఆయన నోట ఈ మాట ఎప్పుడూ వినలేదు. ఇక్కడ ఉన్ని అయిపోయుంటుంది."

అతను ఆ జవాబును ఫోటో తీయలేదు.

తర్వాతి వారం నమూనా గొడవ. అతను ఒక బొమ్మ పంపాడు. సింహాసనం మీద రాజు, చుట్టూ ఎనిమిది మంది కవులు, చేతుల్లో తాటాకులు, గంటాలు. కంప్యూటర్ గీసిన బొమ్మ. వదిన దాన్ని ఫోన్‌లో చూసి నవ్వేసింది.

ఆమె మగ్గం గరాజులో సిద్ధంగా ఉంది. మా మేనల్లుడు దిమ్మెలు తెచ్చి బిగించాడు. వెడల్పు నాలుగడుగులు, కట్టాల్సిన పొడవు ఆరడుగులు. ముడి ఒక్కొక్కటీ రెండు పడుగు దారాల చుట్టూ పడుతుంది. అంగుళానికి ఎనిమిది ముడులు. అంటే అడ్డ వరసకు మూడువందల ఎనభై నాలుగు ముడులు, పడుగుకు ఏడువందల అరవై ఎనిమిది దారాలు. వరస పూర్తయ్యాక రెండు పేకలు తోసి, పంజాతో గట్టిగా దిగ్గొట్టాలి. పంజా అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెన. అలాంటి వరసలు ఎనిమిది అయితే అంగుళం. ఆమె వయసుకు, ఆమె వేళ్లకు రోజుకు ఎనిమిది వరసలు. రోజుకో అంగుళం, డెబ్భై రెండు రోజులు.

ఇదంతా చెప్పి ప్రెసిడెంటును గరాజులో స్టూలు మీద కూర్చోబెట్టాం.

"ముఖం ఎంతుంటుంది ఇందులో? రెండంగుళాలు," అంది వదిన. "పదహారు ముడులు. కంటికి మూడు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. రాజు గారు గుడ్లగూబలా ఉంటాడు."

"ఆంటీ, ఇది 4K ఇమేజ్. ఇంకా క్లారిటీ గావాల్నంటే అప్‌స్కేల్ చేస్త."

"నువ్వు ఎంత పెంచినా నా మగ్గానికి అంగుళానికి ఎనిమిదే బాబూ."

"మరి పదహారు చేయలేమా?"

"చేయొచ్చు. ఉన్ని సన్నబడాలి, పడుగు దగ్గరవ్వాలి. అటు రెండింతలు, ఇటు రెండింతలు. పది నెలలు పడుతుంది. నీ ఓపెనింగ్ ఎప్పుడు?"

ఓపెనింగ్ ఏప్రిల్‌లో. అతను తల గోక్కున్నాడు. రాజుల తివాచీల్లో తీగలూ పువ్వులూ ఎక్కువెందుకో నేను చెప్పాను. గళ్ల కాగితం మీద ఒక గడికి ఒక ముడి. వంపు అనేది మెట్లు మెట్లుగానే వస్తుంది. మూడు పక్కకి ఒకటి పైకి, రెండు పక్కకి ఒకటి పైకి, ఒకటికి ఒకటి, మళ్లీ రెండుకి ఒకటి. తీగ ఆ మెట్లను మింగేస్తుంది, మనిషి ముఖం మింగలేదు. ముఖాలు కావాలన్న పాదుషాలు పట్టుదారంతో గోరంత చోటులో లెక్కలేనన్ని ముడులు వేయించుకున్నారు. వాళ్లకు ఏప్రిల్ డెడ్‌లైన్ లేదు. ఇంకో సంగతి, ఆ ఆస్థానాల్లో చాలా తివాచీలకు నమూనా పావు భాగమే గీసేవారు. నేసేవాళ్లు దాన్నే అద్దంలా తిప్పి రెండో పక్క కట్టి, సగం దాటాక తలకిందులుగా చదివేవారు.

"సరే ఆంటీ. కాకపోతే రాజసం ఉండాలె," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "బ్యాకప్‌గా ఆ రాజు బొమ్మ క్లాత్ మీద ప్రింట్ చేయించి పెడతా, ఏమనుకోకండి," అన్నాడు. అంటే తివాచీ నచ్చకపోతే ఆ గోడ ప్రింటుకు పోతుంది. వదిన పంజా తీసి దాని పళ్లు తుడిచింది.

గళ్ల కాగితాలు అతికించింది నేను, రంగు పెన్సిళ్లతో నింపింది ఆమె. పావు భాగమే. అడ్డంగా నూట తొంభై రెండు గళ్లు, నిలువుగా రెండువందల ఎనభై ఎనిమిది. ఎర్రటి నేల, నీలం తీగలు, నట్టనడుమ ఎనిమిది రేకుల పువ్వు. జనవరి చివర్లో మొదటి ముడి వేసింది. గరాజు తలుపు మూసి, చిన్న హీటరు పెట్టుకుని, పసుప్పచ్చ బల్బు కింద. ముడి వేసి, కత్తితో టుక్కున కోసి, ఇంకోటి. ఆ టుక్కుటుక్కు వింటూ నేను పక్కన కూర్చుని ఆమెకు వ్యాసాలు చదివి వినిపించేదాన్ని. "నీ కోపం వింటుంటే చేతులు త్వరగా ఆడతాయే," అనేది.

ఉన్నికి రంగు ఆమే వేసుకుంది. ఎరుపుకు మాడర్ వేరు పొడి. మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. ముందు ఉన్నిని పటిక నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే రంగు పట్టదు. తర్వాత వేరు నీళ్లలో వేసి, సన్నని సెగ మీద గంటలకొద్దీ ఉంచాలి. మొదటి తొట్టి ఎరుపు చూసి నేనే చప్పట్లు కొట్టాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఉన్ని తరుగుతోందని రెండో విడత రంగు పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ఆమెకు కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. మేనల్లుడు కారు తీశాడు.

"కుండ దగ్గర కూర్చోవే. చేయి పెడితే చురుక్కుమనాలి, కాలకూడదు. బుడగ రానిచ్చావో, ఎరుపు పోయి గోధుమరంగు దిగుతుంది. తెలిసిందా?"

"నేను బీఎస్సీ కెమిస్ట్రీ వదినా."

"అందుకే చెబుతున్నా."

పది నిమిషాలు కూర్చున్నాను. ఫోన్ మోగింది. ప్రెసిడెంటు. హాలుకు వాస్తు చూడటానికి ఎడిసన్ ఊరి నుంచి ఒకాయనను పిలిపిస్తున్నారట, వేదిక నైరుతిలో ఉందట, మార్చాలేమోనట. నాకు పూనకం వచ్చింది. దిక్కులకూ మనుషుల బాగోగులకూ సంబంధమేమిటో రుజువు చూపించమన్నాను. భూమి గుండ్రంగా తిరుగుతుంటే నైరుతి ఎవరి నైరుతి అన్నాను. గరాజులోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతూ ముప్పావు గంట వాదించాను. గెలిచాను కూడా. వాస్తు ఆయన రాలేదు. ఫోన్ పెట్టి గరాజులోకి వెళ్లేసరికి కుండ కుతకుతలాడుతోంది.

సెగ తగ్గించాను. ఇప్పుడు రాస్తున్నంత సూటిగా అప్పుడు చెప్పలేదు. కొంచెం వేడెక్కింది అన్నాను, అంతే.

వదిన ఉన్ని పిండి, ఆరబెట్టి, బల్బు కింద పాత కండె పక్కన పెట్టి చూసింది. వేళ్లతో విప్పి చూసింది.

"ఇది మాడిందే."

"ఎక్కడ మాడింది? అదే వేరు, అదే పటిక, అదే తూకం, అవే నీళ్లు. రంగు వేరుగా రావడానికి కారణం ఉండాలి కదా? నీ బల్బు పసుపు. నీకు కంటి పరీక్షకని చుక్కలు కూడా వేశారు."

"నా కన్ను సంగతి కాదు. చెయ్యి చెబుతోంది, ఉన్ని గరుకుగా ఉంది."

"చేతికి రంగు తెలుస్తుందా వదినా? ఆలోచించు."

వాదనలో నన్ను గెలిచినవాళ్లు తక్కువ. తర్కంలో కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్క నిజం తప్ప. కారణం ఉండాలి అన్నాను. ఉంది. దాన్ని నోటితో చెప్పకుండా లెక్కలోంచి తీసేసి, మిగతా లెక్కంతా సరిగ్గా చేసి చూపించాను. ఇన్నేళ్లు బాబాల మీద, జ్యోతిష్కుల మీద నేను వేసిన నింద ఇదే. తమకు అడ్డొచ్చే సాక్ష్యాన్ని దాచి, మిగతాదంతా గట్టిగా మాట్లాడతారని.

ఆమె కాసేపు నా ముఖం చూసింది. "నువ్వు చదువుకున్నదానివి," అని కండె మగ్గానికి తగిలించింది. ఆ మాట నాకు ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటుంది. నలభై రెండో అంగుళం నుంచి యాభయ్యో అంగుళం దాకా, తొమ్మిది రోజులు, తొమ్మిది అంగుళాలు, సరిగ్గా ఒక జానెడు, ఆమె నేను మాడ్చిన ఉన్నితో కట్టింది. మూడో తొట్టి ఆమే దగ్గరుండి దించింది. నన్ను కుండ దరిదాపులకు రానివ్వలేదు.

ఏప్రిల్ మొదట్లో, తివాచీ మగ్గం మీంచి దిగిన రోజు, ప్రెసిడెంటు వచ్చాడు. రెండు నెలలు దాటాక మొదటిసారి గరాజు తలుపు పూర్తిగా పైకెత్తాం. పట్టపగటి వెలుతురు లోపలికి పడింది.

ఎర్రటి నేల మీద, నడుమ పువ్వుకు కొంచెం పైన, ఆ జానెడు పట్టీ ఎండిన మట్టిలా కనిపించింది. పావు నమూనా తిప్పి కట్టిన తివాచీ కదా, నాలుగు పక్కలా సమంగా ఉండాల్సింది. కింద సగంలో లేని పట్టీ పై సగంలో ఉంటే గుడ్డివాడు కూడా పట్టేస్తాడు. వదిన చేతులు కట్టుకుని నిలబడింది. నా వైపు చూడలేదు.

"ఇదేంది ఆంటీ, ప్యాచ్ వేసిన లెక్క ఉంది? స్టేజీ మీద, లైట్ల కింద... కష్టం."

"తొట్టి మారింది," అన్నాను నేను. "తివాచీల్లో మామూలే. మ్యూజియంలో చూశావు కదా." ఇదీ నిజమే. సగం నిజం.

విప్పి మళ్లీ కట్టడం కుదరదు. ముడులు కింది నుంచి పైకి కడతారు. ఆ పట్టీ తీయాలంటే దాని పైనున్న రెండడుగుల దాకా ముందు విప్పాలి. ఓపెనింగ్‌కు పన్నెండు రోజులుంది. అతను ప్రింటే పెడదామేమో అంటూ వెళ్లిపోయాడు. వదిన తివాచీ అంచు దారాలు ముడి వేస్తూ కూర్చుంది.

మర్నాడు ఆ మెసేజ్ వచ్చింది. మ్యూజియంలో విన్న కథ అతనికి గుర్తొచ్చింది. లోపం కాదు, వినయం. కమిటీ అంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఇత్తడి పలక ఉంటేనే తివాచీ గోడెక్కుతుంది, లేకపోతే ప్రింటు. అతను ఫోన్ చేసి చెప్పాడు: "ఆంటీ, జనం అడుగుతరు కదా. ఏదో ఒక స్టోరీ ఉండాలె."

నేను వదినకు చదివి వినిపించాను. ఆమె ఇంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"కావాలని చేశానా? నేనా? ఒక ముడి తప్పితే మా మేస్త్రీ వరసంతా కత్తితో కోయించేవాడు. వేళ్లు బొబ్బలెక్కేదాకా మళ్లీ కట్టించేవాడు. కావాలని తప్పు కట్టే చెయ్యి కాదే నాది. పొరపాటని రాయమను, పడి ఉంటాను. కావాలని అంటే మాత్రం గోడా వద్దు, ఏమీ వద్దు."

"వదినా, ఆ పొరపాటు..."

"నాకు తెలుసు. ఇల్లంతా మాడిన వేరు కంపు. డాక్టరు కంట్లో చుక్కలేశాడు గానీ ముక్కులో వేయలేదు."

ఆదివారం కమిటీ మీటింగుకు ఇద్దరం వెళ్లాం. నేను లేచి చెప్పాను. కుండ దగ్గర కూర్చోమంటే ఫోన్ మాట్లాడుతూ మరిగించింది నేను. మాడిందని ఆమె చెబితే కాదని వాదించి కట్టించింది నేను. లోపం నాది, ఉన్ని నేను పాడుచేశాను, పలక మీద ఏదైనా రాయాలంటే అదే రాయండి. అందరి ముందూ ఇంత తేటగా తప్పు ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు. ఎంత చిన్నబోయానో నాకే తెలుసు.

ప్రెసిడెంటు కళ్లు చెమర్చాయి. "ఆంటీ, యూ ఆర్ గ్రేట్. వదిన గారి కోసం మొత్తం మీ మీద వేసుకుంటున్నరు."

"నేను వేసుకోవడం లేదు! నేను చేశాను!"

"చూసినరా హంబుల్‌నెస్," అన్నాడు మిగతా వాళ్లతో.

చప్పట్లు కొట్టారు. నేను అరిచిన కొద్దీ ఇంకా కొట్టారు. నలభై ఏళ్లుగా రుజువులడిగిన నోరు అది. రుజువు చేతిలో పట్టుకుని నిలబడితే ఎవరికీ అక్కర్లేదు. అబద్ధం చెప్పే మనిషిని నిలదీయొచ్చు. నిజాన్ని చప్పట్లతో ముంచేసేవాళ్లను ఏం చేస్తాం?

వదిన లేచి, పలక లేకుండా పెడితే పెట్టండి, ఉంటే వద్దు అని రెండే మాటలు చెప్పి కూర్చుంది. చేతులెత్తించారు. ప్రింటు గెలిచింది. ఆమె చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకోవడం చూశాను. అది నేను చేసిన పని. వాస్తు మీద గెలిచిన ఆ ముప్పావు గంట ఖరీదు అది.

బయటికి వస్తుంటే ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పే టీచరు. మాస్టర్స్ చదువుతోంది. "అమ్మా, మా క్లాస్‌రూమ్ గోడ ఖాళీగా ఉంది. కథలేం వద్దు. పిల్లలకి అందేలా కిందకి పెడదామా?" అని అడిగింది. వదిన నన్ను కాదు, ఆ అమ్మాయినే చూసి తల ఊపింది.

ఓపెనింగ్ రోజు వేదిక మీద రాజుగారి సభ వెలిగిపోయింది. అయిదు నిమిషాలు చూశాక నాకు అర్థమైంది. కవులెనిమిది మందీ ఎడమ చేత్తో రాస్తున్నారు, రాజుగారు ఎడమ చేత్తో దీవిస్తున్నాడు. రాజు గుమ్మం వైపు చూడాలని ప్రెసిడెంటు బొమ్మను కంప్యూటర్‌లో తిప్పేశాడట. ఈసారి మగ్గానికేం పాపం లేదు, మౌస్ నొక్కిన వేలిదే. పక్కనున్నాయన తన భార్యకు వివరిస్తున్నాడు, ఎడమ అంటే హృదయం వైపు కదా అని. నేను నోరు తెరిచి, మూసుకుని, క్లాస్‌రూమ్ వైపు వెళ్లిపోయాను.

అక్కడ వదిన చిన్న కుర్చీలో తివాచీకి ఎదురుగా కూర్చుని ఉంది. పిల్లలు ముడుల మీద అరచేతులు రుద్దుతున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె గోధుమరంగు పట్టీ మీద వేలు పెట్టింది.

"ఆంటీ, ఇది ఎందుకు బ్రౌన్ ఉంది?"

"అదిగో, ఆ ఆంటీని అడుగు. ఫోన్ మాట్లాడుతూ నా కుండ మాడ్చేసింది."

ఆ పిల్ల నా వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు బర్న్ చేశావా?"

"చేశాను."

"సారీ చెప్పావా?"

కమిటీ ముందు అంత ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఒక్క మాట అందులో లేదు. వదిన తివాచీనే చూస్తోంది, కానీ వింటోందని తెలుసు.

"లేదు," అన్నాను. పక్కనున్న ఇంకో చిన్న కుర్చీ లాక్కుని ఆమె దగ్గర కూర్చున్నాను.